కీవర్డ్ పట్టికలో ఏ అంకెను నమ్మాలి, ఏ పేజీని చదవాలి

డిజిటల్ మార్కెటింగ్ విభాగంలో ఇంటర్న్‌గా చేరినవారికి మొదటి వారాల్లోనే అప్పగించే పనుల్లో కీవర్డ్ పరిశోధన, అంటే జనం సెర్చ్ ఇంజన్‌లో టైప్ చేసే పదబంధాలను వెతికి ఎంచుకోవడం, ఒకటి. ‘మన వెబ్‌సైటుకు పనికొచ్చే కీవర్డ్‌లు వెతికి ఒక షీట్ తయారుచేయండి’ అన్నంత క్లుప్తంగానే ఆ ఆదేశం ఉంటుంది. ఫలితంగా తయారయ్యే షీట్ కూడా చాలాచోట్ల ఒకే తీరుగా ఉంటుంది. ఏదో ఒక టూల్ నుంచి దించుకున్న వందల పదబంధాలు, వాటి పక్కన నెలవారీ శోధనల సంఖ్య, ఆ పక్కన పోటీ ఎంతో చెప్పే ఒక స్కోరు ఉంటాయి. పెద్ద సంఖ్య పైన, చిన్న సంఖ్య కింద వచ్చేలా వరుస పేర్చి ఉంటుంది. ఆ షీట్ చూసినవారికి తర్వాత ఏం చేయాలో మాత్రం తెలియదు. ఏ పేజీ కొత్తగా రాయాలి, ఉన్న ఏ పేజీని సరిదిద్దాలి, ఏ పదబంధాన్ని ఇప్పటికి వదిలేయాలి అన్న మూడు ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు.

కీవర్డ్ పరిశోధన ఈ మూడు నిర్ణయాల కోసమే జరుగుతుంది. పదబంధాల జాబితా దానికి ముడిసరుకు మాత్రమే. శోధనల సంఖ్య ఒక సూచన ఇస్తుంది, అది కూడా చాలా మోటుగా. అసలైన సాక్ష్యం సెర్చ్ ఇంజన్ చూపించే ఫలితాల పేజీలోనే ఉంటుంది. ఒక ప్రశ్నకు ఎలాంటి పేజీ జవాబుగా పనికొస్తుందని గూగుల్ భావిస్తోందో అక్కడ ఎవరైనా కళ్లారా చూడవచ్చు. ఇంటర్న్ తన సమయంలో ఎక్కువ భాగాన్ని టూల్ మీద కాకుండా ఆ పేజీ మీద పెడితే పరిశోధన నాణ్యత మారిపోతుంది. ఎందుకలాగో ఒక ఊహాత్మక ఉదాహరణను ఆసాంతం వెంబడిస్తే స్పష్టమవుతుంది. కొత్తగా ఆకాశ పరిశీలన మొదలుపెట్టేవారికి టెలిస్కోపులు అమ్మే ఒక చిన్న వెబ్‌సైటు ఉందనుకుందాం. ఉత్పత్తుల పేజీలు, వర్గాల పేజీలు, నాలుగైదు వ్యాసాలు దానికి ఉన్నాయి. శోధన పదబంధాలను చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులోనే ఇస్తున్నా, పద్ధతి ఏ భాషకైనా ఒక్కటే.

విత్తన పదాలు ఎక్కడ దొరుకుతాయి

పరిశోధన విత్తన పదాలతో, అంటే టూల్‌కు మొదట ఇచ్చే నాలుగైదు మూల పదాలతో మొదలవుతుంది. ఇంటర్న్‌లు సాధారణంగా వీటిని ఉత్పత్తుల జాబితా నుంచి తీసుకుంటారు. ‘టెలిస్కోప్’, ‘రిఫ్లెక్టర్ టెలిస్కోప్’, ‘ఐపీస్’, ‘ట్రైపాడ్’ వంటివి అలా వస్తాయి. ఇవి తప్పు కావు గానీ, ఇవన్నీ అమ్మేవారి మాటలు. కొనేవారికి పరికరం పేరు తెలియకముందే అవసరం ఏర్పడుతుంది. టెలిస్కోప్ కొన్న కొద్ది రోజులకు బొమ్మ మసకగా కనిపిస్తే, దానికి కారణం అద్దాల అమరిక తప్పడం కావచ్చుననీ, దాన్ని సరిచేయడాన్ని కాలిమేషన్ అంటారనీ కొత్తవారికి తెలియదు. వారు ‘టెలిస్కోప్‌లో మసకగా కనిపిస్తోంది’ అని టైప్ చేస్తారు. ‘కాలిమేషన్’ అన్న విత్తనాన్ని మాత్రమే నాటిన షీట్‌లోకి ఈ ప్రశ్న ఎప్పటికీ రాదు.

కాబట్టి కొనేవారు నిజంగా వాడిన వాక్యాలున్న చోట్లనుంచి విత్తనాలు ఏరుకోవాలి. కస్టమర్ సపోర్ట్ విభాగానికి వచ్చిన ఈమెయిళ్లు, చాట్ సంభాషణలు, ఉత్పత్తుల కింద రాసిన సమీక్షలు, సరుకు తిప్పి పంపేటప్పుడు చెప్పిన కారణాలు, వెబ్‌సైటులోనే ఉన్న సెర్చ్ పెట్టెలో టైప్ చేసిన మాటలు ఇందుకు పనికొస్తాయి. ఇంటర్న్‌కు వీటిని చూసే అనుమతి అడగకపోతే దొరకదు, అడిగితే సాధారణంగా దొరుకుతుంది. ఆ అడగడం పరిశోధనలో భాగమే.

సైటు ఇప్పటికే నడుస్తున్నదైతే వీటన్నిటికంటే ముందు తెరవవలసింది గూగుల్ సెర్చ్ కన్సోల్. అందులోని పెర్ఫార్మెన్స్ నివేదిక ఏ ప్రశ్నలకు ఈ సైటు ఫలితాల్లో కనిపించిందో, ఎన్నిసార్లు కనిపించిందో, ఎన్ని క్లిక్కులు వచ్చాయో, సగటున ఎన్నో స్థానంలో ఉందో చూపిస్తుంది. ఇలా కనిపించడాన్నే ఇంప్రెషన్ అంటారు. గత 16 నెలల సమాచారం అక్కడ నిలవ ఉంటుంది. ఇతర టూళ్లు మార్కెట్ మొత్తం గురించి అంచనాలు ఇస్తుండగా, ఇది మాత్రం ఈ సైటుకు జరిగినదాన్ని నమోదు చేస్తుంది. దీనికీ పరిమితులున్నాయి. చాలా కొద్దిమంది మాత్రమే అడిగిన ప్రశ్నలను వ్యక్తుల గోప్యత కోసం గూగుల్ దాచిపెడుతుంది. అందువల్ల జాబితాలో కనిపించే ప్రశ్నల క్లిక్కులన్నీ కూడినా పైన చూపిన మొత్తానికి సరిపోవు. ఆ తేడాను చూసి లెక్క తప్పిందని కంగారుపడనక్కరలేదు.

వీటి తర్వాత సెర్చ్ పెట్టెలో అక్షరాలు కొడుతుండగా వచ్చే సూచనలు, ఫలితాల మధ్యలో కనిపించే అనుబంధ ప్రశ్నలు, పేజీ అడుగున ఉండే సంబంధిత శోధనలు చూడాలి. ‘టెలిస్కోప్‌తో’ అని కొట్టి ఆగితే వచ్చే సూచనలు ఒక రకం, ‘టెలిస్కోప్ ఎలా’ అని కొడితే వచ్చేవి మరో రకం. ఇలా చేరిన ముప్పై నలభై పదబంధాలు, టూల్ నుంచి ఒక్క బటన్‌తో దించుకున్న ఐదు వందల వరుసల కంటే విలువైనవి. వాటిలో ప్రతి ఒక్కటీ ఎందుకు చేరిందో ఇంటర్న్‌కు తెలిసి ఉంటుంది.

శోధనల సంఖ్య అసలు ఏం చెబుతుంది

ఈ పదబంధాలను ఇప్పుడు గూగుల్ కీవర్డ్ ప్లానర్‌లో వేయవచ్చు. గూగుల్ యాడ్స్ ఖాతాలో ఉండే ఈ టూల్ ప్రకటనలు ఇచ్చేవారి కోసం తయారైంది, ఆ విషయం మరచిపోతే దాని అంకెలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. ప్రకటనలకు ఖర్చు చేయని ఖాతాలకు అది కచ్చితమైన సంఖ్య ఇవ్వకుండా 10 నుంచి 100, 100 నుంచి 1000, 1000 నుంచి 10,000 వంటి విశాలమైన శ్రేణులను చూపిస్తుంది. నెలకు 110 మంది వెతికిన పదబంధం, 950 మంది వెతికిన పదబంధం ఒకే శ్రేణిలో పడతాయి. పైగా దగ్గరి రూపాలను, అంటే ఏకవచన బహువచనాలు, చిన్న అక్షర దోషాలు వంటివాటిని అది కలిపి లెక్కిస్తుంది. వాటన్నిటికీ ఒకే సంఖ్య చూపిస్తుంది కనుక, మూడు రూపాలను మూడు వరుసల్లో రాసి సంఖ్యలు కూడితే లేని జనాన్ని లెక్కలోకి తెచ్చినట్టవుతుంది.

ఇంటర్న్‌ల షీట్లలో అన్నిటికంటే తరచుగా కనిపించే పొరపాటు ఈ టూల్‌లోని ‘కాంపిటీషన్’ నిలువు వరుసకు సంబంధించినది. అక్కడ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని రాసి ఉండేది ప్రకటనల స్థానం కోసం ప్రకటనకర్తల మధ్య ఉన్న పోటీ గురించి. సాధారణ ఫలితాల్లో మొదటి పేజీకి రావడం ఎంత కష్టమో అది చెప్పదు. ‘టెలిస్కోప్ అంటే ఏమిటి’ అన్న ప్రశ్న మీద ప్రకటన ఇచ్చేవారు ఎవరూ ఉండకపోవచ్చు కాబట్టి పోటీ తక్కువ అని వస్తుంది. ఫలితాల్లో మాత్రం విజ్ఞాన సర్వస్వాలు, అంతరిక్ష సంస్థలు, విద్యాసంస్థల పేజీలు నిండి ఉంటాయి. చిన్న అమ్మకపు సైటుకు అక్కడ చోటు దొరకడం దాదాపు అసాధ్యం.

సగటు అన్న మాట వెనక మరో చిక్కు ఉంది. కీవర్డ్ ప్లానర్ మామూలుగా చూపించేది గత 12 నెలల సగటు. బహుమతిగా ఇచ్చే టెలిస్కోపుల గురించిన ఒక పదబంధాన్ని పదకొండు నెలలపాటు నెలకు 400 మంది చొప్పున, డిసెంబరులో 4000 మంది వెతికారనుకుందాం. మొత్తం 8400, దాని సగటు నెలకు 700. ఏ నెలలోనూ 700 మంది వెతకలేదు. ఈ సంఖ్యను నమ్మి మార్చిలో పేజీ ప్రచురించి ఏప్రిల్‌లో ఫలితం చూసినవారు నిరాశపడతారు, నవంబరు చివర్లో ప్రచురించినవారికి అది ర్యాంకు సంపాదించేలోపే సీజన్ గడిచిపోతుంది. అందుకే నెలనెలా వచ్చిన సంఖ్యల పట్టీని కూడా చూడాలి. గూగుల్ ట్రెండ్స్ ఇక్కడ సాయపడుతుంది. అది 2004 నుంచి ఉన్న ధోరణులను చూపిస్తుంది, కానీ దాని 0 నుంచి 100 కొలమానం శోధనల సంఖ్య కాదు. ఎంచుకున్న కాలంలో, ఎంచుకున్న ప్రాంతంలో ఆసక్తి గరిష్ఠంగా ఉన్న క్షణాన్ని 100గా తీసుకుని మిగతావాటిని దానితో పోల్చి చూపుతుంది. గ్రహణం రోజున ఒక్కసారిగా లేచి పడిపోయే గీతను చూసి ఆ పదానికి ఏడాది పొడవునా గిరాకీ ఉందని అనుకోకూడదు.

అహ్రెఫ్స్, సెమ్‌రష్ వంటి చెల్లింపు టూళ్లు కచ్చితంగా కనిపించే సంఖ్యలు ఇస్తాయి, కానీ అవి కూడా అంచనాలే. ఒకే పదబంధానికి రెండు టూళ్లు రెండు వేర్వేరు సంఖ్యలు ఇవ్వడం మామూలు. కనుక ఒక షీట్ మొత్తానికి ఒకే టూల్ అంకెలు వాడాలి, వాటిని పదులు, వందలు, వేలు అన్న స్థాయి భేదం తెలుసుకోవడానికే వాడాలి. 320, 390 అన్న రెండు సంఖ్యల మధ్య తేడాకు అర్థం లేదు. 30, 3000 మధ్య తేడాకు ఉంది. సున్నా అని చూపించిన పదబంధాలను కూడా వెంటనే కొట్టివేయకూడదు. తాను రోజూ చూసే శోధనల్లో 15 శాతం అంతకుముందు ఎన్నడూ చూడనివేనని గూగుల్ చాలా ఏళ్లుగా చెబుతోంది. ఇంత వైవిధ్యాన్ని ఏ టూల్ డేటాబేసూ పట్టుకోలేదు. సపోర్ట్ ఈమెయిళ్లలో పదే పదే వచ్చే ప్రశ్నకు టూల్ సున్నా చూపిస్తే, ఈమెయిళ్లనే నమ్మడం ఉత్తమం.

ఫలితాల పేజీని చదవడం

శోధించేవారి ఉద్దేశాన్ని పరిశ్రమలో ఇంటెంట్ అంటారు. 2002లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రీ బ్రోడర్ వెబ్ శోధనలను మూడు రకాలుగా విభజించారు. ఒక నిర్దిష్ట సైటుకు చేరుకోవడానికి చేసేవి, సమాచారం కోసం చేసేవి, ఏదైనా పని జరిపించుకోవడానికి చేసేవి. నేటి టూళ్లు ప్రతి కీవర్డ్ పక్కన అంటించే ఇంటెంట్ ముద్రలన్నీ ఈ విభజన నుంచి వచ్చినవే, వీటికి కొనుగోలుకు ముందు పోల్చి చూసే దశను నాలుగోదిగా చేర్చారు. ఈ ముద్రలు మొదటి వడపోతకు పనికొస్తాయి. కానీ ‘సమాచారం’ అన్న ఒక్క ముద్ర కింద వీడియో కావలసినవారు, పట్టిక కావలసినవారు, ఒక్క వాక్యం జవాబుతో తృప్తిపడేవారు అందరూ చేరిపోతారు. ఎలాంటి పేజీ తయారుచేయాలో ముద్ర చెప్పదు, ఫలితాలు చెబుతాయి.

ఫలితాలను చూసేటప్పుడు ముందుగా కొంత జాగ్రత్త అవసరం. ఇంటర్న్ అదే బ్రౌజర్‌లో రోజంతా తన కంపెనీ సైటునే తెరుస్తూ ఉంటే, శోధన చరిత్ర ప్రభావం ఫలితాల మీద కొంత పడవచ్చు. ప్రైవేట్ విండో ఆ ప్రభావాన్ని తగ్గిస్తుంది, కానీ కూర్చున్న ప్రదేశాన్ని దాచదు. వేరే దేశపు పాఠకుల కోసం పరిశోధిస్తున్నప్పుడు చిరునామాలో దేశాన్ని, భాషను తెలిపే పారామీటర్లు చేర్చవచ్చు.

```
https://www.google.com/search?q=telescope+blurry&gl=us&hl=en
```

ఇందులో `gl` దేశాన్ని, `hl` ఇంటర్‌ఫేస్ భాషను సూచిస్తాయి. ఇది కూడా స్థానిక ఫలితాలకు దగ్గరగా తీసుకెళుతుందే తప్ప అచ్చంగా అవే చూపిస్తుందన్న హామీ లేదు. ఎక్కువమంది ఫోన్లలో వెతికే విషయమైతే ఫోన్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి చూడటం మంచిది.

టెలిస్కోప్ సైటు కోసం నాలుగు పదబంధాలను తీసుకుని చదివే తీరు చూద్దాం. ఇక్కడ చెప్పే ఫలితాలు ఉదాహరణ కోసం ఊహించినవి, కానీ ఇటువంటి ప్రశ్నలకు ఫలితాలు సాధారణంగా ఈ తీరులోనే ఉంటాయి.

‘టెలిస్కోప్’ అన్న ఒంటరి పదానికి శోధనల సంఖ్య అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. ఫలితాల్లో ఒక విజ్ఞాన సర్వస్వం వ్యాసం, పెద్ద ఆన్‌లైన్ మార్కెట్ల వర్గం పేజీలు, బొమ్మల వరుస, అంతరిక్ష టెలిస్కోపుల గురించిన వార్తలు కలగలిసి ఉంటాయి. ఇంత గందరగోళంగా ఉండటానికి కారణం, ఆ పదం కొట్టినవారికి ఏం కావాలో గూగుల్‌కు కూడా కచ్చితంగా తెలియకపోవడమే. ఇక్కడ మొదటి పేజీకి చేరినా వచ్చేవారిలో అధికశాతం కొనడానికి రానివారు. షీట్‌లో ఈ పదం ఉండవచ్చు, దాని ఎదుట ‘వదిలేయాలి’ అని, కారణంతో సహా రాసి ఉండాలి.

‘మొదటిసారి కొనేవారికి ఏ టెలిస్కోప్ మంచిది’ అన్నదానికి పది ఫలితాల్లో ఎనిమిది, ఐదారు పరికరాలను పోల్చి చెప్పే వ్యాసాలే. అందులో ఉత్పత్తి పేజీ ఒక్కటీ లేదు. అంటే ఈ పదబంధాన్ని ఉత్పత్తి పేజీ టైటిల్‌లో ఎంతగా ఇరికించినా ప్రయోజనం లేదు, పోలిక వ్యాసం రాయాలి. ఆ వ్యాసాలను తెరిచి చదివితే అందరూ చెబుతున్నది ఏమిటో, ఎవరూ చెప్పనిది ఏమిటో తెలుస్తుంది. అందరూ అద్దం వెడల్పు గురించి, మాగ్నిఫికేషన్ గురించి రాస్తూ, పరికరం బరువు ఎంత, మేడమీదికి ఒక్కరు మోసుకెళ్లగలరా అన్నది వదిలేస్తే, అమ్మేవారి దగ్గర ఆ సమాచారం సిద్ధంగా ఉంటుంది కనుక ఆ ఖాళీని వారు నింపగలరు.

‘130 ఎంఎం రిఫ్లెక్టర్ టెలిస్కోప్’ అన్నదానికి శోధనల సంఖ్య చాలా తక్కువ. ఫలితాలన్నీ ఉత్పత్తి పేజీలు, వర్గం పేజీలు. అద్దం కొలతతో సహా టైప్ చేసేవారు పరిశోధన పూర్తి చేసుకుని కొనడానికి దగ్గరగా ఉన్నవారు. సంఖ్య ప్రకారం పేర్చిన షీట్‌లో ఈ వరుస అట్టడుగున ఉండేది. వ్యాపారం కోణంలో ఇది పైవరుసలో ఉండదగినది.

‘టెలిస్కోప్‌లో మసకగా కనిపిస్తోంది’ అన్నదానికి చర్చావేదికల్లో పాత సంభాషణలు, రెండు వీడియోలు, ఒక తయారీదారు సహాయ పేజీ వచ్చాయి. చర్చావేదికల పేజీలు పైన ఉన్నాయంటే, ఆ ప్రశ్నకు క్రమపద్ధతిలో జవాబిచ్చే పేజీ ఇంకా ఎవరూ రాయలేదని చాలాసార్లు అర్థం. అయితే అన్నిసార్లూ కాదు. అనుభవజ్ఞుల అభిప్రాయాలే కావాలనుకునే ప్రశ్నలకు గూగుల్ కావాలనే వేదికలను పైన ఉంచుతుంది. ఏది నిజమో తేల్చుకోవాలంటే ఆ సంభాషణలు తెరిచి చూడాలి. ప్రశ్న సరిగ్గా ఇదే అయి, జవాబు ఇరవయ్యో వ్యాఖ్యలో ఎక్కడో దొరుకుతుంటే అది నిజమైన ఖాళీ.

ఒక్కో పదబంధానికి ఇలా చదవడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. నలభై పదబంధాలంటే ఒక పూర్తి పనిదినం. పరిశోధనలో తగ్గించకూడని ఖర్చు ఏదైనా ఉంటే అది ఇదే.

ఒక పేజీకి ఎన్ని కీవర్డ్‌లు

పదబంధానికో పేజీ చొప్పున రాయాలా, కొన్నిటిని కలిపి ఒకే పేజీలో చెప్పాలా అన్నది తర్వాతి ప్రశ్న. మాటలు ఒకేలా ఉన్నాయా అని చూసి దీన్ని తేల్చడం ప్రమాదకరం. ‘టెలిస్కోప్‌లో మసకగా కనిపిస్తోంది’, ‘టెలిస్కోప్ ఫోకస్ కావడం లేదు’ అన్న రెండింటిలో టెలిస్కోప్ తప్ప ఉమ్మడి పదం లేదు. అయినా రెండూ ఒకే సమస్య గురించి కావచ్చు. ‘టెలిస్కోప్ ధర’, ‘టెలిస్కోప్ భాగాలు’ చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉన్నా కావలసిన పేజీలు పూర్తిగా వేరు.

నమ్మదగిన పరీక్ష ఫలితాలను పోల్చడమే. రెండు పదబంధాల మొదటి పది ఫలితాల చిరునామాలను పక్కపక్కన పెట్టి, ఎన్ని ఉమ్మడిగా ఉన్నాయో లెక్కించాలి. నాలుగు అంతకంటే ఎక్కువ ఉమ్మడిగా ఉంటే రెండింటికీ ఒకే పేజీ సరిపోతుందని, ఒకటో రెండో మాత్రమే ఉంటే వేర్వేరు పేజీలు కావాలని భావించవచ్చు. మూడు ఉంటే ఫలితాలను మరోసారి చదివి నిర్ణయించాలి. ఇది గూగుల్ ప్రకటించిన నియమం కాదు, ఈ పని చేసేవారు వాడే ఒక అంచనా సూత్రం మాత్రమే. మసక, ఫోకస్ అన్న పై రెండు పదబంధాలకు ఐదు ఉమ్మడి ఫలితాలు వచ్చాయనుకుంటే అవి ఒకే సమూహం. వాటితో ‘టెలిస్కోప్ కాలిమేషన్ ఎలా చేయాలి’ అన్నదాన్ని పోలిస్తే ఒక్కటే ఉమ్మడిగా వచ్చిందనుకుందాం. అప్పుడు మసక కనిపించడానికి గల కారణాలన్నీ చెప్పే పేజీ ఒకటి, కాలిమేషన్ దశలను చూపే పేజీ మరొకటి రాసి, మొదటిదాని నుంచి రెండోదానికి లింకు ఇవ్వడం సరైన ఏర్పాటు అవుతుంది.

ఈ సమూహాలు ఏర్పరచకుండా పదబంధానికో పేజీ రాస్తూ పోతే, ఒకే ప్రశ్నకు ఒకే సైటులోని రెండు మూడు పేజీలు పోటీపడే స్థితి వస్తుంది. దీన్ని పరిశ్రమలో కీవర్డ్ కానిబలైజేషన్ అంటారు. సెర్చ్ కన్సోల్‌లో ఆ ప్రశ్నను ఫిల్టర్‌గా పెట్టి పేజీల ట్యాబ్ తెరిస్తే దీన్ని గుర్తించవచ్చు. ఒకే ప్రశ్నకు రెండు పేజీలు కనిపించినంత మాత్రాన సమస్య ఉన్నట్టు కాదు. ఒక వారం ఒకటి, మరో వారం ఇంకొకటి ముందుకు వస్తూ, రెండూ మొదటి పేజీ బయటే ఊగిసలాడుతుంటే మాత్రం వాటిని కలిపి ఒకటి చేయడం గురించి ఆలోచించాలి. సొంత సైటులో ఆ విషయం మీద ఇప్పటికే ఏ పేజీలున్నాయో తెలుసుకోవడానికి గూగుల్‌లో ఇలా వెతకవచ్చు.

```
site:example.com telescope focus
```

కొత్త పేజీని ప్రతిపాదించే ముందు ప్రతిసారీ ఈ ఒక్క శోధన చేయడం అలవాటుగా ఉంటే, ఉన్న పేజీనే మళ్లీ రాయించే పొరపాటు తప్పుతుంది.

కష్టాన్ని కొలిచే స్కోరు గురించి కొద్దిగా చెబితే చాలు. కీవర్డ్ డిఫికల్టీ పేరుతో టూళ్లు ఇచ్చే 0 నుంచి 100 స్కోరును ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో లెక్కిస్తుంది. అహ్రెఫ్స్ స్కోరు ప్రధానంగా మొదటి పది పేజీలకు ఎన్ని ఇతర సైట్ల నుంచి లింకులు ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. అందువల్ల ఒక టూల్‌లో 20ని మరో టూల్‌లో 20తో పోల్చకూడదు. ఆ పది పేజీలు ప్రశ్నకు ఎంత బాగా జవాబిస్తున్నాయో కూడా ఆ స్కోరుకు తెలియదు. ఫలితాలను చదివిన ఇంటర్న్‌కు తెలుసు.

షీట్‌లో చివరకు మిగలవలసినవి

ఇంతవరకు చేసిన పనిని షీట్‌లోకి ఎక్కించేటప్పుడు వరుసకు ఒక పదబంధం కాకుండా వరుసకు ఒక పేజీ ఉండాలి. ఆ వరుసలో ప్రధాన పదబంధం, దాని సమూహంలోని మిగతా పదబంధాలు, శోధనల స్థాయి, ఫలితాల్లో ఎక్కువగా కనిపించిన పేజీ రకం, ఉన్న ఫలితాల్లో కనిపించిన లోటు, సొంత సైటులో ఉన్న పేజీ చిరునామా లేదా ‘లేదు’ అన్న మాట, చివరగా నిర్ణయం ఉంటాయి. ఫలితాలు చూసిన తేదీ కూడా రాయాలి, ఎందుకంటే మూడు నెలల తర్వాత అవి మారిపోయి ఉండవచ్చు.

ఏ వరుస ముందు అన్నది తేల్చడానికి శోధనల సంఖ్య కంటే సెర్చ్ కన్సోల్ మంచి మార్గం చూపిస్తుంది. టెలిస్కోప్ సైటులో పాత వ్యాసం ఒకటి ‘టెలిస్కోప్‌తో శని వలయాలు చూడవచ్చా’ అన్న ప్రశ్నకు మూడు నెలల్లో 2400 ఇంప్రెషన్లు, 12 క్లిక్కులు, సగటున 14వ స్థానం తెచ్చుకుందని అనుకుందాం. క్లిక్కుల రేటు అరశాతం. గూగుల్ ఈ పేజీని ఆ ప్రశ్నకు సంబంధించినదిగా ఇప్పటికే గుర్తించింది, కానీ అది రెండో పేజీలో ఉంది. వ్యాసం తెరిచి చూస్తే శని గ్రహం చరిత్రతో మొదలై, ఏ పరికరంతో వలయాలు కనిపిస్తాయన్న జవాబు ఆరో పేరాలో ఉంది. జవాబును పైకి తెచ్చి, ఎంత మాగ్నిఫికేషన్ కావాలో, చిన్న టెలిస్కోప్‌లో వలయాలు ఎంత పరిమాణంలో కనిపిస్తాయో చేర్చి, ఉపశీర్షికలు ప్రశ్నకు తగినట్టు మార్చడం కొత్త పేజీ రాయడం కంటే తక్కువ పని, ఎక్కువ ఫలితం. అందువల్ల 8 నుంచి 20 వరకు స్థానాల్లో ఉండి ఇంప్రెషన్లు బాగా ఉన్న ప్రశ్నలను షీట్ పైభాగంలో ఉంచడం సబబు. సగటు స్థానం అన్న అంకెను కూడా కొంత అనుమానంతోనే చూడాలి. సగం సార్లు 4లోనూ సగం సార్లు 24లోనూ ఉన్న పేజీకి కూడా సగటు 14 అనే వస్తుంది. దేశం వారీగా, పరికరం వారీగా విడదీసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

వెతికిన పదబంధాన్ని పేజీలో పదే పదే దూర్చడం ఈ నిర్ణయాల్లో భాగం కాదు. కీవర్డ్‌ల మెటా ట్యాగును వెబ్ ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. అయినా కొన్ని షీట్లలో ‘మెటా కీవర్డ్‌లు’ అన్న నిలువు వరుస ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని నింపడానికి పట్టే సమయాన్ని ఫలితాలు చదవడానికి వాడవచ్చు.

ఎంపిక తప్పిందని ఎలా తెలుస్తుంది

పేజీ ప్రచురించిన తర్వాత దాని చిరునామాను సెర్చ్ కన్సోల్‌లో ఫిల్టర్‌గా పెట్టి, అది ఏ ప్రశ్నలకు కనిపిస్తోందో చూడటంతో పరిశోధన రెండో దశ మొదలవుతుంది. కొత్త పేజీ స్థిరపడటానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది కనుక మొదటి వారం అంకెలు చూసి తీర్పు చెప్పకూడదు.

ఇంప్రెషన్లు అసలే లేకపోతే కీవర్డ్‌ను అనుమానించే ముందు సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ చిరునామా వేసి, పేజీ గూగుల్ ఇండెక్స్‌లో చేరిందా లేదా చూడాలి. చేరకపోతే అది కీవర్డ్ సమస్య కాదు, సాంకేతిక బృందానికి చెప్పవలసిన విషయం. ఇంప్రెషన్లు బాగా ఉండి, స్థానం కూడా మొదటి పేజీలోనే ఉండి, క్లిక్కులు మాత్రం రాకపోతే ఫలితాల పేజీని మళ్లీ తెరవాలి. అక్కడే జవాబు పెట్టె కనిపిస్తూ, చదివినవారు క్లిక్ చేయనక్కర లేకుండా వెళ్లిపోతుండవచ్చు, లేదా టైటిల్ ప్రశ్నకు జవాబిస్తున్నట్టు కనిపించకపోయి ఉండవచ్చు. మొదటిది ఎంపికలోని లోపం, రెండోది రాతలోని లోపం.

మూడో రకం సంకేతం మరింత ఉపయోగకరమైనది. అనుకున్న ప్రశ్నకు కాకుండా వేరే ప్రశ్నలకు పేజీ కనిపించడం అది. మసకగా కనిపించడం గురించి రాసిన పేజీకి ‘టెలిస్కోప్‌లో బొమ్మ తలకిందులుగా ఎందుకు కనిపిస్తుంది’ అన్న ప్రశ్న మీద ఇంప్రెషన్లు పెరుగుతున్నాయనుకుందాం. షీట్‌లో ఈ పదబంధం లేదు, ఏ టూలూ దాన్ని చూపలేదు. దాని ఫలితాలను మసక సమూహం ఫలితాలతో పోల్చి, ఉమ్మడివి లేవని తేలితే దానికి ప్రత్యేక పేజీని ప్రతిపాదిస్తూ కొత్త వరుస చేర్చాలి. ఉమ్మడివి నాలుగైదు ఉంటే ఉన్న పేజీలోనే ఒక ఉపశీర్షిక కింద జవాబు రాయిస్తే సరిపోతుంది.